రెండు బిల్లులు కలిపి లెక్క వేస్తే 0 = 150 వస్తోంది, ధరలు తేలడం ఎలా?

గాజువాక భోజనశాల
సాయంత్రం నుంచి ఈ లెక్కతోనే కూర్చున్నాను, తేలడం లేదు. రొయ్యల కిలో ధర x, వంజరం కిలో ధర y అనుకున్నాను. రెండు సమీకరణాలు రాసి, బడిలో నేర్చుకున్నట్టే x గుణకాలు సమానం చేసి తీసివేశాను. x పోయి y మిగలాలి కదా, రెండూ పోయాయి! చివరికి 0 = 150 అని మిగిలింది. ఈసారి y ని తొలగిద్దామని మొదటి నుంచి వేశాను, మళ్ళీ అదే 150. తప్పు ఎక్కడ జరుగుతోందో ఎవరైనా చెప్పండి. నెల ఖాతా ఈ రాత్రికే ముగించాలి.

గోపాలపట్నం
సమీకరణాలు ఏవి?

సీతమ్మధార మాస్టారు
సమీకరణాలు ఇవ్వకుండా తప్పు చెప్పమంటే ఎలాగండీ? ఒకటి మాత్రం ఇప్పుడే చెప్పగలను. తొలగింపు మొదలుపెట్టే ముందు గుణకాల నిష్పత్తులు చూడాలి. x గుణకాల నిష్పత్తి, y గుణకాల నిష్పత్తి వేరు వేరుగా ఉంటేనే ఒకే ఒక సాధన ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఇదే చెప్పాను. అర నిమిషం పట్టే ఈ పరీక్ష వదిలేసి, పిల్లలూ పెద్దలూ నేరుగా గుణకారంలోకి దిగుతారు. ఆపైన పేజీలు పేజీలు నింపుతారు.

గాజువాక భోజనశాల
ఇవిగో అండీ. మొదటి బిల్లు 6 కిలోల రొయ్యలు, 4 కిలోల వంజరం, మొత్తం 5,750 రూపాయలు. రెండోది 9 కిలోల రొయ్యలు, 6 కిలోల వంజరం, మొత్తం 8,550. నేను వేసింది ఇది:

```
6x + 4y = 5750      × 3
9x + 6y = 8550      × 2

18x + 12y = 17250
18x + 12y = 17100
-----------------
        0 = 150
```

గోపాలపట్నం
ధర ఎంతో ఆ వ్యాపారినే అడగండి.

గాజువాక భోజనశాల
అడిగాను. చీటీ మీద బరువులు, మొత్తం తప్ప ఆయన విడి ధర రాయడు. "మీ బావమరిదితో మాట్లాడుకున్న ధరే" అంటాడు. మా బావమరిది ఓడ ఉద్యోగానికి వెళ్ళాడు, ఫోను అందడం లేదు. డబ్బు కట్టే ముందు ఆ ధర ఎంతో నాకు నేనుగా తేల్చుకోవాలి.

కంచరపాలెం
0 ఎప్పటికీ 150 కాదు కాబట్టి మీ గుణకారంలో ఎక్కడో తప్పు దొర్లింది. సరిగ్గా వేస్తే 0 = 0 రావాలి. అలా వస్తే x కి, y కి మీ ఇష్టం వచ్చిన విలువలు వేసుకోవచ్చు, అన్నీ సరిపోతాయి. దాన్నే శూన్య సాధన అంటారు.

సీతమ్మధార మాస్టారు
ఆయన గుణకారంలో తప్పేమీ లేదు. 5,750 ని మూడుతో గుణిస్తే 17,250, 8,550 ని రెండుతో గుణిస్తే 17,100. రెండూ సరిగ్గానే ఉన్నాయి. నేను చెప్పిన పరీక్ష చేయండి. 6 కి 9, 4 కి 6, రెండూ 2/3. కుడివైపు 5750/8550 ని కుదిస్తే 115/171 వస్తుంది, అది 2/3 కాదు. ఎడమ పక్క నిష్పత్తులు కలిసి, కుడి పక్క కలవకపోతే ఆ రెండు గీతలూ సమాంతరం, ఎక్కడా కలుసుకోవు. అంటే సాధన లేదు. కంచరపాలెం గారూ, శూన్య సాధన అంటే x కూడా 0, y కూడా 0 అయ్యే సాధన. అదొక సాధనే. ఇక్కడున్నది సాధనే లేకపోవడం. ఈ రెండూ కలిపేస్తే పరీక్షలో మార్కు పోతుంది.

కంచరపాలెం
పేరు ఏదైతేనేమిటి మాస్టారూ, ఆయనకు ధర తేలకపోవడం మాత్రం నిజం కదా.

మధురవాడ అమ్మ
ఇదే సందర్భంలో నాదీ ఒక సందేహం. మా అమ్మాయి పదో తరగతి. బడిలో ఇచ్చిన ప్రశ్నపత్రంలో x + 2y = 5, 3x + ky = 15 అని ఇచ్చి, సాధన లేకపోవాలంటే k ఎంత అని అడిగారు. జవాబు 6 అని వేశారు. k స్థానంలో 6 పెట్టి తొలగిస్తే అమ్మాయికి 0 = 0 వస్తోంది. ఎవరిది తప్పు?

ఖాతాల పని
ముందు గాజువాక వారి సంగతి చూద్దాం. 0 = 150 లెక్కలో తప్పు జరిగిందని చెప్పడం లేదు. మీరు రాసిన రెండు వాక్యాలూ ఒకేసారి నిజం కాలేవని చెబుతోంది. రెండో బిల్లులో రెండు రకాల సరుకూ మొదటి దానికి సరిగ్గా ఒకటిన్నర రెట్లు. ధరలు ఏవైనా సరే, మొత్తం కూడా ఒకటిన్నర రెట్లు కావాలి, అంటే 8,625. బిల్లు 8,550 ఉంది. కాబట్టి ఆ మొత్తంలో చేపల ధర కాకుండా ఇంకేదో కలిసి ఉండాలి, లేదా ధర మారి ఉండాలి. ఐసు, కిరాయి, తగ్గింపు లాంటివి ఏమైనా ఉన్నాయా? బిల్లులు ఏ తేదీలవి?

జాలారిపేట
తేదీ అడిగారు, మంచి పని చేశారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరపడవల వేటకు నిషేధం. ఆ రోజుల్లో సరుకు తగ్గి ధర పెరుగుతుంది. నిషేధం లేని రోజుల్లో కూడా తెల్లవారుజామున ఎన్ని పడవలు వచ్చాయన్నదాన్ని బట్టి రేవులో ధర మారుతుంది. రొయ్యల్లో మళ్ళీ సైజును బట్టి ధర. మా ఇంట్లో అందరూ ఈ పనిలోనే ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, రెండు వేర్వేరు రోజుల బిల్లులకు ఒకే x, ఒకే y అనుకోవడమే సరికాదు. రెండో రోజు వంజరం కిలోకు 12 రూపాయల 50 పైసలు తగ్గించి వేసినా మీకు వచ్చేది ఇదే 0 = 150.

గాజువాక భోజనశాల
రెండూ ఈ నెలవే. నెలంతా ఒకే ధర అని మా బావమరిది మాట్లాడి పెట్టాడు, రొయ్యల సైజు కూడా మారదు. ఫిషింగ్ హార్బర్ నుంచి మా దగ్గరికి ఆటో కిరాయి మాత్రం ప్రతి బిల్లులో కలుపుతాడు. ఎప్పుడూ ఉండేదే కదా అని రాయలేదు. ఎంతో తెలియదు కానీ ప్రతిసారీ ఒకటే కిరాయి అని తెలుసు.

ఖాతాల పని
అయితే మీ 150 కి కారణం దొరికింది. కిరాయిని d అనుకుందాం. మొదటి బిల్లును మూడుతో గుణించినప్పుడు దానిలోని కిరాయి కూడా 3d అయింది, రెండో దానిలో 2d అయింది. తీసివేస్తే చేపలన్నీ పోయి ఒక d మిగిలింది. అంటే కిరాయి 150 రూపాయలు. మీరు తప్పు అనుకుని కొట్టేసిన అంకె అదే.

ఇప్పుడు రెండు మొత్తాల్లోంచి 150 తీసేయండి. 6x + 4y = 5600, 9x + 6y = 8400 అవుతాయి. మళ్ళీ తొలగిస్తే 16,800 లోంచి 16,800 పోయి 0 = 0 వస్తుంది. ఇప్పుడు రెండు బిల్లుల మధ్య వైరం లేదు. కానీ ధర ఇంకా తేలదు, ఎందుకంటే రెండూ చెప్పేది ఒకే మాట. మొదటి దాన్ని రెండుతో, రెండో దాన్ని మూడుతో భాగించి చూడండి, రెండూ 3x + 2y = 2800 అవుతాయి. మీ చేతిలో ఉన్నది నిజానికి ఒకే సమీకరణం.

కంచరపాలెం వారు అన్నట్టు ఇష్టం వచ్చిన విలువలు మాత్రం పనికిరావు. రొయ్యలు 400, వంజరం 800 సరిపోతాయి. 500, 650 సరిపోతాయి. 600, 500 కూడా సరిపోతాయి. రెండూ 500 అనుకుంటే మాత్రం 2,500 వస్తుంది, కుదరదు. జతలు అనంతంగా ఉన్నాయి, కానీ అవన్నీ ఆ ఒక్క గీత మీదివే.

కంచరపాలెం
సరే, ఇష్టం వచ్చినవి అనడం సరికాదు. x ఎంచుకుంటే y దానంతట అదే వస్తుంది అనాలి. కానీ మరి ఆయన ఏం చేయాలి?

ఖాతాల పని
రొయ్యలు, వంజరం 3 కి 2 కాకుండా వేరే పాళ్ళలో కొన్న బిల్లు ఒకటి వెతకాలి. 12 కిలోలు, 8 కిలోల బిల్లు తెచ్చినా లాభం లేదు, మళ్ళీ అదే గీత.

గాజువాక భోజనశాల
ఆదివారం బిల్లు ఒకటి ఉంది. 5 కిలోల రొయ్యలు, 2 కిలోల వంజరం, 3,750.

సీతమ్మధార మాస్టారు
150 పోతే 3,600. ఇక గుణకారం కూడా అక్కరలేదు, రెండింటిలోనూ 2y ఉంది.

```
5x + 2y = 3600
3x + 2y = 2800
--------------
2x      = 800
```

x = 400. మూడు నాలుగులు పన్నెండు, 2,800 లోంచి 1,200 తీస్తే 2y = 1,600, కాబట్టి y = 800. మూడు బిల్లుల్లోనూ వేసి సరిచూడండి, ఇలా సరిచూడటం ఎవరూ చేయరు. మొదటి దానికి 2,400, 3,200, కిరాయి 150 కలిపితే 5,750 రావాలి.

జాలారిపేట
సరిచూసినా ఏమి రుజువవుతుంది? తెలియనివి మూడు, బిల్లులు మూడు. ధర మధ్యలో మార్చినా ఈ మూడింటికీ సరిపోయే అంకెలు ఏవో వస్తాయి. నాలుగో బిల్లు కూడా కలిస్తేనే నేను నమ్ముతాను.

ఖాతాల పని
అది న్యాయమైన మాట. ఇంకో జాగ్రత్త కూడా చెబుతాను. బిల్లుల పాళ్ళు మరీ దగ్గరగా ఉంటే 0 = 0 రాదు, ఒక జవాబు వస్తుంది, కానీ ఆ జవాబును నమ్మకూడదు. ఉదాహరణకు మీ రెండో బిల్లులో వంజరం 6 కిలోలు కాక 6.1 కిలోలు ఉందనుకోండి. కిరాయి పోగా మొత్తం 8,480 కావాలి. వ్యాపారి దాన్ని 8,500 అని గుండ్రం చేశాడనుకోండి. తొలగిస్తే 0.2y = 200 మిగులుతుంది, వంజరం 1,000 అయిపోతుంది, రొయ్యలు 267 కి పడిపోతాయి. ఇరవై రూపాయల తేడా వంజరం ధరలో రెండు వందలైంది. రెండు గీతలు దాదాపు సమాంతరంగా ఉన్నప్పుడు జరిగేది ఇదే. తొలగించాక మిగిలిన గుణకం 0.2 లాగా చాలా చిన్నదైతే అక్కడ ఆగి అనుమానించాలి. మీ ఆదివారం బిల్లు 5 కి 2 కాబట్టి ఆ బాధ లేదు.

గోపాలపట్నం
మధురవాడ వారికి: k = 6 అయితే రెండో సమీకరణం మొదటిదానికి మూడు రెట్లు. సాధనలు అనంతం. మీ అమ్మాయిదే సరి.

మధురవాడ అమ్మ
మరి సాధన లేకపోవాలంటే k ఎంత ఉండాలి?

గోపాలపట్నం
అలాంటి k లేదు. 6 కాకుండా ఏది వేసినా ఒకే సాధన, x = 5, y = 0.

సీతమ్మధార మాస్టారు
15 కి బదులు వేరే సంఖ్య ఉండి ఉంటుంది, అచ్చుతప్పు. 16 అని ఉంటే 6 సరైన జవాబే. అయినా ముందు నిష్పత్తుల పరీక్ష చేయిస్తే ఆ పిల్లకు...

గాజువాక భోజనశాల
400, 800, కిరాయి 150. మూడు బిల్లులకూ సరిపోయింది. నాలుగో బిల్లు రేపు సరుకుతో వస్తుంది, అప్పుడు చూస్తాను. అందరికీ ధన్యవాదాలు, ఖాతా ముగించే పనిలో ఉన్నాను.

మధురవాడ అమ్మ
మాస్టారూ, అది అచ్చుతప్పో, ప్రశ్నలోనే తప్పో బడిలో ఎలా అడగమంటారు? మార్కు తగ్గించేశారు.