థర్మామీటర్ 2 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది, రికార్డులో ఏ అంకె రాయాలి?

విజయనగరంలో మాది చిన్న కర్రీ పాయింట్. గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్‌ని నిన్న చెక్ చేశాను. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, సందులు నిండేంత నీళ్లు పోసి, పుల్ల అడుక్కి తగలకుండా కలుపుతూ అంకె నిలిచేదాకా ఉంచాను. 0 రావాలి, 2 వచ్చింది. మరిగే నీళ్లలో 102. రెండుచోట్లా ఒకే తేడా అన్నమాట. సరిచేసే బటన్ దీనికి లేదు.

మధ్యాహ్నం సాంబారులో 61 చూపించింది. 60 దాటింది కదా అని మా కుర్రాడు టిక్ పెట్టేశాడు. అసలున్నది 59! మళ్లీ మరిగించాం.

ఇప్పుడు పుస్తకంలో కనిపించిన 61 రాసి, పక్కన తేడా వేసి 59 చూపించాలా, లేక నేరుగా 59 రాస్తే చాలా? అసలు 2 డిగ్రీల తేడా ఉన్నదాన్ని వాడొచ్చా, మార్చేయాలా? తనిఖీలకు రికార్డు చూపించినవాళ్లు కాస్త చెప్పండి.