"సుషీ గ్రేడ్" అన్న మాటను తెలుగులో ఏమని రాయాలి?

సుధారాణి: ప్యాక్ చేసిన చేపల మీది వివరాలు తెలుగులో రాసే పని చేస్తున్నాను. ఒకదాని మీద "సుషీ గ్రేడ్ సాల్మన్" అని ఉంది. "సుషీ ప్రమాణానికి తగిన సాల్మన్" అని రాస్తే, ఎవరి ప్రమాణమో పక్కన వేయమన్నారు. ఎంత వెతికినా దొరకలేదు. చట్టంలో దీనికి నిర్వచనం ఎక్కడుందో తెలిసినవారు చెప్పండి.

ప్రసాద్: అది అమెరికా ఎఫ్‌డీఏ ప్రమాణమండీ. మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు ఉంచిన చేపనే సుషీ గ్రేడ్ అంటారు. "ఎఫ్‌డీఏ ప్రమాణం" అని నిశ్చింతగా రాసేయండి.

వెంకటరమణ: ప్రసాద్ గారూ, 7 రోజుల నిబంధన నిజమే. ఆ పేరు మాత్రం నిబంధనలో లేదు. పచ్చిగా వడ్డించే చేపను ముందు ఎలా గడ్డకట్టించాలో ఎఫ్‌డీఏ ఫుడ్ కోడ్ చెబుతుంది, కానీ "సుషీ గ్రేడ్" అని దేనికీ పేరు పెట్టలేదు. పైగా ఫుడ్ కోడ్ ఒక నమూనా మాత్రమే, రాష్ట్రాలు స్వీకరించాకే అది చట్టమవుతుంది. ఐరోపా యూనియన్ నిబంధనల్లోనూ ఈ గ్రేడు లేదు. ఇది అమ్మేవాళ్లు పెట్టుకున్న మాట. ఒకరు తాజాదనం చూసి వాడతారు, ఒకరు రంగూ కొవ్వూ చూసి వాడతారు, మరొకరు నిజంగానే గడ్డకట్టించి వాడతారు. ప్యాకెట్ చూస్తే వీళ్లలో ఎవరో తెలియదు. అందుకే సుధారాణి గారు "ప్రమాణం" అని రాస్తే లేని చట్టాన్ని ఉన్నట్టు చూపించినట్టవుతుంది.

లక్ష్మీ ప్రసన్న: గ్రేడ్‌కు "శ్రేణి" అనే మంచి మాట ఉంది కదా. "సుషీ శ్రేణి సాల్మన్" అందాం. ఫ్రీజ్ చేశాక సూక్ష్మజీవులన్నీ ఎలాగూ చచ్చిపోతాయి కాబట్టి "సురక్షితం" అని కూడా చేర్చవచ్చు.

వెంకటరమణ: లక్ష్మీ ప్రసన్న గారూ, ఆ "సురక్షితం" మాత్రం వద్దండీ. గడ్డకట్టించడం పరాన్నజీవుల కోసం. సముద్రపు చేపల్లో ప్రధానంగా చూసేది అనిసాకిస్ అనే నులిపురుగు పిల్లను. రెండు మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది, చుట్ట చుట్టుకుని కాలేయం మీద, పొట్ట కండలో దొరుకుతుంది. చేప చచ్చాక లోపలి అవయవాల నుంచి కండలోకి పాకుతుంది కాబట్టి పట్టిన వెంటనే పొట్ట శుభ్రం చేయడం మేలు. చలికి దాని ఒంట్లోని నీరు గడ్డకట్టి చస్తుంది. బాక్టీరియాలో చాలా వరకు మాత్రం చావవు. నిద్రపోయినట్టు ఆగి, కరిగాక మళ్లీ పెరుగుతాయి. లిస్టీరియా అలాంటిదే. ఇంకొకటి, పురుగు చచ్చినా దాని ప్రోటీన్లు కండలోనే ఉంటాయి. అనిసాకిస్ పడనివారికి చచ్చిన పురుగుతోనూ అలర్జీ రావచ్చు.

కిరణ్: మా ఇంటి ఫ్రీజర్ తెర మీద మైనస్ 18 అని చూపిస్తోంది. 3 సెంటీమీటర్ల మందం సాల్మన్ ముక్కలు రెండు రోజులు ఉంచితే సరిపోతుందా? ఐరోపాలో 24 గంటలే అని చదివాను.

వెంకటరమణ: సరిపోదు కిరణ్ గారూ. అమెరికావాళ్లు 7 రోజులంటారు, ఐరోపావాళ్లు 24 గంటలంటారు. చూడ్డానికి పొంతన లేనట్టు ఉంటుంది గానీ లెక్క మొదలయ్యే చోటే వేరు. ఐరోపా నిబంధన 24 గంటలు చెప్పేది చేపలోని ప్రతి భాగం, నడిమధ్యతో సహా, మైనస్ 20కి చేరాక. అమెరికా లెక్కలో ఫ్రీజర్ మైనస్ 20 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండాలి, చేప నెమ్మదిగా గడ్డకట్టే సమయం కూడా ఆ 7 రోజుల్లోనే కలిసిపోతుంది. ఇంట్లో ముక్క నడిమధ్య వేడిమి ఎవరూ కొలవరు కాబట్టి 7 రోజుల లెక్కే నమ్మదగింది.

మీ విషయానికొస్తే, ముందు తెర మీది అంకెను పక్కన పెట్టండి. అది సెన్సర్ ఉన్న చోటి వేడిమి మాత్రమే. విడిగా ఒక ఫ్రీజర్ థర్మామీటర్‌ను ప్యాకెట్ల మధ్య పెట్టి రాత్రంతా వదలండి. మీటను అతి చల్లని గుర్తుకు తిప్పాక కూడా మైనస్ 20 రాకపోతే ఆ ఫ్రీజర్ ఈ పనికి పనికిరాదు. చేపను వండుకోండి, ముక్క మధ్యలో 63 డిగ్రీలు దాటాలి. మైనస్ 20 వస్తుంటే ముక్కలను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా ఒకే వరుసలో పరచండి. గాలి తీసిన సంచిలో పెట్టండి. వెచ్చటి చేప పెట్టగానే వేడిమి కాస్త పెరుగుతుంది, అది మళ్లీ మైనస్ 20కి దిగి నిలిచాకే రోజులు లెక్కపెట్టండి. నడుమ కరెంటు పోయి మైనస్ 15కి వచ్చిందనుకోండి, లెక్క మొదటికొచ్చినట్టే.

శ్రీవాణి: కరిగించేటప్పుడు ఒక జాగ్రత్త చెబుతాను. గాలి తీసిన సంచిలో ఉంటే ఫ్రిజ్‌లోకి మార్చే ముందే సంచిని చించాలి. గాలి లేనిచోట పెరిగి బొట్యులిజం విషం తయారుచేసే బాక్టీరియాలో ఒక రకం ఫ్రిజ్ చలిలో కూడా పెరగగలదు. ఇంటి ఫ్రీజర్ నెమ్మదిగా గడ్డకట్టిస్తుంది కాబట్టి పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కండ చీలుతుంది. కరిగాక నీరు కారి ముక్క మెత్తబడడానికి కారణం అదే. చేప చెడిందని దానర్థం కాదు.

ప్రసాద్: మరి నిమ్మరసం, వెనిగర్ మాటేమిటి? వాటిలో నానబెడితే పురుగు చస్తుందని విన్నాను.

వెంకటరమణ: వంటలో వాడే పులుపుకు అనిసాకిస్ చావదు. వెనిగర్‌లో నానబెట్టిన చేపల వల్ల జబ్బుపడిన కేసులు ఉన్నాయి. పులుపు కండ రంగును మారుస్తుంది కాబట్టి ఉడికినట్టు కనిపిస్తుంది, అంతే.

సుధారాణి: అలాగైతే "పచ్చిగా తినడానికి వీలుగా గడ్డకట్టించిన సాల్మన్" అంటే సరిపోతుందా?

శ్రీవాణి: మాట బాగుంది, కానీ ఆ చేప నిజంగా గడ్డకట్టించిందేనా అని ముందు తేల్చుకోండి. గుళికల మేతతో వలగూళ్లలో పెంచిన సాల్మన్ అయితే, మేతలో బతికున్న పరాన్నజీవులు ఉండవని చెప్పి ఫుడ్ కోడ్ గడ్డకట్టించే నిబంధన నుంచి మినహాయిస్తుంది. కొన్ని జాతుల ట్యూనాలకూ ఆ మినహాయింపు ఉంది. అలాంటి ప్యాకెట్ మీద "గడ్డకట్టించిన" అని రాస్తే తప్పు సమాచారం ఇచ్చినట్టే.

లక్ష్మీ ప్రసన్న: "గడ్డకట్టించిన" కన్నా "ఘనీభవింపజేసిన" అన్నది లేబుల్‌కు హుందాగా ఉంటుంది. "శ్రేణి" మాత్రం నాకు ఇప్పటికీ నచ్చుతోంది.

వెంకటరమణ: ప్యాకెట్ చదివే ఇంటావిడకు "గడ్డకట్టించిన" అంటేనే తెలుస్తుంది. "శ్రేణి" అన్నా నా అభ్యంతరం మారదు, ఎందుకంటే చదివేవారు ఎవరో వర్గీకరించారనే అనుకుంటారు. సుధారాణి గారూ, సరఫరాదారును రాతపూర్వకంగా మూడు విషయాలు అడగండి. చేప పెంచినదా, సముద్రంలో పట్టినదా? పట్టినదైతే ఎంత వేడిమి దగ్గర, ఎన్ని గంటలు ఉంచారు? పెంచినదైతే మేత ఏమిటి? అమెరికాలో రెస్టారెంట్లు ఇలాంటి రికార్డులను వడ్డించాక 90 రోజులు దాచిపెట్టాలి కాబట్టి, పద్ధతిగా చేసేవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగానే ఉంటుంది.

సుధారాణి: ఈ రోజే ఉత్తరం రాస్తాను. జవాబు వచ్చేదాకా ఆ చోటు ఖాళీగా వదిలేస్తున్నాను.