బిల్లు రాకముందే మార్చి ఖర్చు రాయాలా?

పెందుర్తి: ఫిషింగ్ హార్బర్ దగ్గర మాకో కోల్డ్ స్టోరేజీ ఉంది, ప్రైవేట్ లిమిటెడ్. కరెంటు మీటర్ రీడింగ్ ప్రతి నెలా 25న తీస్తారు. మార్చి చివరి ఆరు రోజుల కరెంటు ఏప్రిల్ బిల్లులో వస్తుంది. బిల్లే రాని ఖర్చు మార్చిలో ఎందుకు రాయాలంటున్నారు మా ఎండీ గారు. రాయాలా?

గాజువాక: రాయొద్దండి. బిల్లు లేని ప్రొవిజన్‌ని ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు కొట్టేస్తారు.

సీతమ్మధార: గాజువాక గారూ, ఊహించి రాసిన ప్రొవిజన్‌కైతే మీ మాట సరే. ఇక్కడ కరెంటు వాడేశారు, దాంతో నిల్వ చేసిన సరుకు అద్దె మార్చి ఆదాయంలో చూపించారు. ఖర్చు ఏప్రిల్‌కి తోస్తే మార్చి లాభం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. పైగా కంపెనీ లెక్కలు నగదు పద్ధతిలో రాయడానికి కంపెనీల చట్టం ఒప్పుకోదు.

పెందుర్తి గారూ, 31 రాత్రి మీటర్ ఫొటో తీయించండి. 25 నుంచి 9,000 యూనిట్లు తిరిగిందనుకుందాం. పాత బిల్లు ప్రకారం యూనిట్ 8 రూపాయలైతే 72,000. నెలకి 60,000 డిమాండ్ చార్జీలో, నెలని 30 రోజులుగా లెక్కేస్తే, ఆరు రోజుల వాటా 12,000. మొత్తం 84,000 విద్యుత్ ఖర్చుకి డెబిట్, చెల్లించాల్సిన ఖర్చులకి క్రెడిట్. మీటర్ ఫొటో, పాత బిల్లు వోచర్‌కి జత చేస్తే ఆడిటర్‌కి అదే ఆధారం.

ఏప్రిల్ 1న ఎంట్రీ రివర్స్ చేయండి, అంటే డెబిట్, క్రెడిట్ తారుమారు చేసి రాయండి. తర్వాత 4,00,000 బిల్లు వస్తే ఏప్రిల్‌లో నికరంగా 3,16,000 మాత్రమే మిగులుతుంది. రివర్స్ చేయడం మరిచిపోతే ఆ 84,000 రెండుసార్లు ఖర్చు పడుతుంది. జూన్‌లో చెల్లించాల్సిన ఖర్చుల లెడ్జర్ తెరిచి చూడండి. మార్చిలో రాసిన 84,000 అలాగే కూర్చుని ఉంటే జరిగింది ఇదే.

మధురవాడ: మాది హమాలీ కాంట్రాక్టర్ గొడవ. మార్చి పనికి జీఎస్టీతో కలిపి ప్రొవిజన్ వేశాం, ఇన్‌పుట్ క్రెడిట్ కూడా తీసేసుకోవచ్చా?

సీతమ్మధార: వద్దు. ఇన్‌వాయిస్ చేతికొచ్చాకే క్రెడిట్. అందుకే జీఎస్టీ లేని మొత్తానికే ప్రొవిజన్ వేయండి. అంతకంటే పెద్ద ప్రమాదం టీడీఎస్. కాంట్రాక్టర్ పేరున కాకుండా ప్రొవిజన్ ఖాతాకి క్రెడిట్ చేసినా, పరిమితి దాటితే కోయాల్సిందే. కోయకపోతే ఆ ఏడాది ఆ ఖర్చులో 30 శాతం పన్ను లెక్కలో ఒప్పుకోరు. గాజువాక గారు చెప్పిన కొట్టివేతలు చాలావరకు ఇలా వచ్చినవే. మార్చిలో కోసింది ఏప్రిల్ 30 లోపు కట్టాలి.

గాజువాక: ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ మార్చిలో కరెంటు పోయి సరుకు పాడైందని ఒక కస్టమర్ 3 లక్షలు అడిగాడనుకోండి, అదీ రాసేస్తారా?

సీతమ్మధార: ఉష్ణోగ్రత రికార్డు చూస్తాను. మైనస్ 18 దగ్గర ఉంచుతామని ఒప్పుకుని, గంటల తరబడి మైనస్ 8లో ఉంటే చెల్లించక తప్పేలా లేదు, న్యాయంగా ఎంత ఇవ్వాల్సి వస్తుందో అంత ప్రొవిజన్ వేస్తాను. ఇన్సూరెన్స్ వస్తుందిలే అని అందులో తగ్గించను. ఆ డబ్బు రావడం దాదాపు ఖాయమైతేనే దాన్ని ఆస్తిగా విడిగా చూపిస్తాను.

గాజువాక: సరుకు మన దగ్గరికి రాకముందే పాడై ఉండొచ్చుగా? ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఖర్చు రాయకుండా, లెక్కల కింద నోట్‌లో చూపిస్తే చాలంటాను.

సీతమ్మధార: దించుకున్నప్పుడు తీసిన ఉష్ణోగ్రత సరిగ్గా ఉందని మీ రిజిస్టరే చెబుతుంటే, ఆ వాదన ఆడిటర్ దగ్గర నిలబడదండి.

పెందుర్తి: ఆ రిజిస్టర్‌లో మార్చి రెండు వారాలు ఖాళీగా ఉన్నాయి. అప్పుడేం చేయాలి?