అప్‌డేట్: 65 శాతం అడిగిన కండిషనల్ ఆఫర్, నాకొచ్చింది 64.2

నా ప్రశ్న: "యూకే ఎమ్మెస్సీ ఆఫర్‌లో బీటెక్ 65 శాతంతో పూర్తి చేయాలని ఉంది. నా సీజీపీఏ 6.9 దగ్గరుంది, అంటే 69 శాతమే కదా, సరిపోతుందా?"

సరిపోలేదు. పదితో గుణించడం నా తప్పు. మా యూనివర్సిటీ లెక్క ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసేసి, అప్పుడు పదితో గుణించాలి. ఫైనల్‌గా 6.92 వచ్చింది, అంటే 64.2 శాతం. ఆఫర్ లెటర్ మళ్లీ చదివితే, శాతం మా యూనివర్సిటీ పద్ధతిలోనే లెక్కిస్తామని రెండో పేజీలో ఉంది. అప్పుడే చదివి ఉంటే ఆఖరి సెమిస్టర్‌కి ఇంకాస్త గట్టిగా చదివేదాన్ని.

రిజల్ట్ వచ్చిన రోజే కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ జతచేసి అడ్మిషన్స్‌కి మెయిల్ పెట్టాను. ఎంత తగ్గిందో దాచకుండా చెప్పి, పరిశీలించమని అడిగాను. తొమ్మిది రోజులు టెన్షన్. ఆ కోర్సు ఇవ్వలేమన్నారు, కానీ 60 శాతం చాలే దగ్గరి కోర్సుకి కొత్త ఆఫర్ పంపారు. అది అన్‌కండిషనల్ కాబట్టి, డిపాజిట్ కట్టాక వీసాకి కావాల్సిన క్యాస్ ఇస్తారు.

మొదటి ఆఫర్‌కి డిపాజిట్ కట్టకపోవడం మంచిదైంది. మార్కులు తగ్గితే రీఫండ్ ఇస్తారు కానీ, దానికీ గడువు ఉందని అదే లెటర్‌లో రాశారు.