కర్ర కుడిచేతిలోనా, ఎడమచేతిలోనా? నా లెక్క సరిచూడండి

అమ్మకి కుడి తుంటి కీలు అరిగింది. బరువు 60 కిలోలు. కుడికాలి మీద నిలబడితే, ఆ కాలు పోను మిగతా 50 కిలోల భారం కీలుకి 10 సెం.మీ. లోపలివైపు పడుతుంది. దాన్ని ఆపే పిరుదు పక్క కండరాలకి దక్కేది 5 సెం.మీ. దూరమే. అంటే కండరం లాగుడు 100, కీలు మీద మొత్తం 150 కిలోలు!

ఎడమచేతి కర్ర కీలుకి 40 సెం.మీ. దూరం. దానిమీద 8 కిలోలు మోపితే చాలు, కండరం లాగుడు 36కి, కీలు భారం 78కి దిగుతుంది. అన్ని బలాలూ నిలువుగా ఉన్నాయనే అనుకున్నాను.

కానీ అమ్మ కుడిచేత్తోనే పట్టుకుని "ఇలాగే హాయిగా ఉందిరా" అంటోంది. నా లెక్కలో అలా పట్టుకుంటే భారం పెరగాలి. గమనిస్తే, అడుగు వేసినప్పుడల్లా ఒళ్లంతా కుడివైపుకి వాలుస్తోంది. ఆ 10 సెం.మీ. తగ్గడం వల్లే ఉపశమనమా? ఫిజియోథెరపీ తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, చెయ్యి మార్పించాలా?