సిరియస్ జంటలో ఎవరి బరువెంత?

హైదరాబాద్‌లో మా మేడ మీద సిరియస్‌ను చూపిస్తుంటే "దీన్ని ఎలా తూచారు నాన్నా?" అంది మా అమ్మాయి. పుస్తకం తీసి కూర్చున్నాను. దాని జంట తార సుమారు 50 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. కక్ష్య పొడవులో సగం 7.5 ఆర్క్ సెకన్లు, 8.6 కాంతి సంవత్సరాల దూరాన అది భూమి-సూర్యుల దూరానికి 19.8 రెట్లు. దాని ఘనాన్ని 50 వర్గంతో భాగిస్తే రెండూ కలిపి 3.1 సూర్యుల బరువు. ఇంతవరకు బాగానే ఉంది, వాటాల దగ్గరే చిక్కుకున్నాను. ఉమ్మడి కేంద్రానికి చిన్నది రెండింతల దూరంలో తిరుగుతోందంటే పెద్దది రెండింతల బరువనేనా? ఆ కేంద్రాన్ని వెనుక తారలతో పోల్చి పట్టుకుంటారా?

ఇంకొకటి. కక్ష్య మనకు ఏటవాలుగా కనిపిస్తుంది కదా. కనిపించే దీర్ఘవృత్తపు నాభిలో పెద్ద తార ఉండకపోవడమే వాలుకు గుర్తని చదివాను. దాని నుంచి అసలు పొడవును ఎలా రాబడతారో తెలిసినవారు కాస్త వివరించగలరా?