గిలాబుకు ముందే తేలాలి: న్యూట్రల్ ఇంటికంతా ఒకటేనా, రెండు గ్రూపులుగా విడదీయాలా?

కొత్తిల్లు, హసన్‌పర్తి

ఇటుక పని అయిపోయింది, వచ్చే వారం గిలాబు మొదలు. ఒకే అంతస్తు, రెండు బెడ్‌రూములు, సింగిల్ ఫేజ్ మీటరు. మా వైరింగ్ ఆయన న్యూట్రల్ ఒక్కటే ఇల్లంతా తిప్పుతానంటున్నాడు, కరెంటు లీకైతే పడిపోయి సప్లై ఆపే ఆర్‌సీసీబీ ఒకటి చాలట. నాకేమో గీజర్, వాషింగ్ మెషీన్, మోటారు వైపు ఒకటి, లైట్లు, ఫ్రిజ్ వైపు ఒకటి, మొత్తం రెండు పెట్టాలని ఉంది. అట్లయితే పైపులు, తీగలు డబుల్ అవుతాయంటున్నాడు. పైగా ఎర్త్ గుంత నాలుగు అడుగులు తవ్వగానే రాయి తగిలింది. మంచి కెమికల్ ఎర్తింగ్ వేస్తే ఆర్‌సీసీబీయే అక్కర్లేదని మా బావ మాట. ఎవరిది వినాలి?

వైరింగ్ అన్న, కాజీపేట

తమ్మీ, మీ వైరింగ్ ఆయన మాటలో తప్పు లేదు. ఒక్క ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో న్యూట్రల్ ఎటు తిరిగినా చివరికి దాంట్లోంచే వెనక్కి పోతుంది, కాబట్టి ఊరికే పడిపోదు. రెండు పెట్టిన ఇళ్ల సంగతి నన్నడగండి. ఆరు నెలలకు ఎవరో వచ్చి ఒక పాయింటు కొత్తగా వేస్తాడు, దగ్గర్లో ఏ న్యూట్రల్ దొరికితే అది కలుపుతాడు. ఆ రోజు నుంచి రెండూ ఠక్ ఠక్ మని పడుతుంటాయి. ఓనర్‌కు చిరాకు లేచి "అది తీసేసి డైరెక్ట్ చెయ్" అంటాడు. ఒకటే పెట్టి అది పనిచేస్తుంటే చాలని నా అనుభవం.

మెగ్గర్ అక్క, హన్మకొండ

ఒక్కటే ఉంటే ఉమ్మడి న్యూట్రల్ వల్ల అది పడదు, అంతవరకు అన్న చెప్పింది నిజం. కానీ పడకపోవడం వేరు, తీగ క్షేమంగా ఉండడం వేరు. లోడు ఎక్కువైతే పడే ఎంసీబీ ఫేజ్ మీదే ఉంటుంది, న్యూట్రల్‌లో ఎంత పోతోందో అది చూడదు.

సాయంత్రం ఏడు గంటలు అనుకోండి. రెండు వేల వాట్ల గీజర్ 9 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, వంటింట్లో ఇండక్షన్ పొయ్యి ఇంకో 9, ఏసీ ఒక 7. ఒక్కొక్కటి తన 16 ఆంపియర్ల ఎంసీబీ మీద హాయిగా నడుస్తుంటుంది. ఈ మూడింటికీ న్యూట్రల్ ఒకటే 2.5 స్క్వేర్ ఎంఎం తీగ అయితే దాంట్లో మాత్రం 25 ఆంపియర్లు. గోడలో పైపులో పడుకున్న 2.5 తీగ భరించేది సుమారు 20. ఒక్క ఎంసీబీ కూడా కదలదు, తీగ మాత్రం రోజూ వేడెక్కుతుంది. ముందు జాయింట్ల దగ్గర టేపు కరుగుతుంది, తర్వాత స్విచ్‌బోర్డు నుంచి కాలిన వాసన. అప్పటికి పైన గిలాబు, పుట్టీ, రంగు అన్నీ అయిపోయి ఉంటాయి.

వైరింగ్ అన్న, కాజీపేట

అక్కా, గీజర్‌కూ ఏసీకీ ఎవరైనా మెయిన్ బోర్డు డీబీ నుంచి విడిగానే లాగుతారు. నేను ఉమ్మడి అన్నది లైట్లు, ఫ్యాన్లు, చిన్న ప్లగ్గుల సంగతి.

మెగ్గర్ అక్క, హన్మకొండ

అలాగైతే మన ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఎల్ఈడీ లైట్లు, ఫ్యాన్లు అన్నీ కలిపినా ఒక న్యూట్రల్‌కు భారం కాదు. కానీ ఆయన ప్రశ్నలో "ఇల్లంతా" అని ఉంది. అందుకే వాళ్ల వైరింగ్ ఆయనను ఒక్కటే అడగమనండి: గీజర్ న్యూట్రల్ డీబీ దాకా వస్తుందా, మధ్యలో ఏదో బోర్డులో కలుస్తుందా?

ఇక పైపులు డబుల్ అవుతాయన్న మాట. గీజర్, వాషింగ్ మెషీన్, మోటారు, వంటింటి పెద్ద ప్లగ్గు ఎలాగూ విడి లైన్లే. వాటి న్యూట్రళ్లను డీబీలో ఇంకో పట్టీకి బిగించి, ఆ పట్టీకి రెండో ఆర్‌సీసీబీ పెడితే రెండో గ్రూపు అయిపోయింది. పెరిగేది ఒక ఆర్‌సీసీబీ, కాస్త పెద్ద డీబీ, ఒకటి రెండు బాక్సులు. గోడలో గాడి దాదాపు అంతే.

జగిత్యాల పోరడు

మా ఇంట్లో రెండు పెట్టించాం, నాకు మిగిలింది టెన్షన్ ఒక్కటే. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నంతసేపు అన్నీ మంచిగ నడుస్తాయి. కరెంటు రాగానే రెండూ పడిపోతాయి. కంపెనీ మంచిది కాదని ఒకటి మార్చినా అంతే. ఏ కంపెనీది తీసుకోవాలో చెప్పండి.

మెగ్గర్ అక్క, హన్మకొండ

ఏ కంపెనీది పెట్టినా మీ ఇంట్లో పడుతుంది తమ్ముడూ. ఆర్‌సీసీబీ చూసేది ఒక్కటే: నాలోంచి వెళ్లినంత నాలోంచే తిరిగి వచ్చిందా? 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే కచ్చితంగా పడుతుంది, దానికి ముందే పడొచ్చు కూడా. 10 వాట్ల బల్బు తీసుకునేదే 40కి పైన. అంటే ఒక్క బల్బు న్యూట్రల్ దారి తప్పినా చాలు.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇన్వర్టర్ ప్లగ్గు రెండో గ్రూపులో ఉండి, ఇన్వర్టర్ నడిపే లైట్ల న్యూట్రల్ మొదటి గ్రూపు పట్టీకి పోయినట్టుంది. కరెంటు ఉన్నప్పుడు ఫేజ్ ఒకదాంట్లోంచి వెళ్లి, ఇంకోదాంట్లోంచి తిరిగి వస్తోంది. కరెంటు లేనప్పుడు లైట్లకు వచ్చేది బ్యాటరీ కరెంటు, అది ఆర్‌సీసీబీలను తాకకుండా ఇన్వర్టర్‌కే తిరిగొస్తుంటే ఆ తేడా కనిపించదు. ఇన్వర్టర్ ప్లగ్గును లైట్లున్న గ్రూపుకే మార్పించి చూడండి.

హసన్‌పర్తి తమ్ముడూ, గిలాబుకు ముందు మీరు చూసుకోవాల్సింది ఇక్కడే ఉంది. ఇన్వర్టర్ ఎక్కడ పెడతారో ఇప్పుడే తేల్చి, అక్కడి నుంచి డీబీకి ఒక 25 ఎంఎం పైపు వేయించండి. ఇన్వర్టర్‌కు వెళ్లే ఫేజ్, తిరిగొచ్చే ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ నాలుగూ దాంట్లోనే నడవాలి. ఈ పైపు మరిచిపోయిన ఇంట్లో తర్వాత దగ్గర్లోని ప్లగ్గు నుంచి లాగేస్తారు, జగిత్యాల కథ మొదలవుతుంది.

ఇంకోటి, వంటింటి బోర్డు. ఒకే బాక్సులో లైటు స్విచ్‌లూ పెద్ద ప్లగ్గూ ఉంటే రెండు గ్రూపుల న్యూట్రళ్లు ఒక్కచోట చేరతాయి. రెండూ నల్ల తీగలే కాబట్టి బిగించేవాడు రెండూ కలిపేస్తాడు. పెద్ద ప్లగ్గుకు పక్కనే వేరే బాక్సు పెట్టిస్తే ఆ పొరపాటుకు తావుండదు. కాజీపేట అన్న చెప్పిన "ఆరు నెలల తర్వాత వచ్చేవాడు" కూడా తడబడడు.

సిరిసిల్ల సార్

ఇదంతా ఎర్త్ సరిగ్గా లేని ఇళ్ల గోల. మా ఇంట్లో వైరింగ్ ఆయన ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల పాత బల్బు పెట్టి చూపించాడు, ధగధగా వెలిగింది. అంత గట్టి ఎర్త్ ఉంటే ఏదైనా లీకైన వెంటనే ఎంసీబీయే పడుతుంది. వాళ్ల బావ చెప్పింది సరైనదే.

మెగ్గర్ అక్క, హన్మకొండ

సార్, ఆ బల్బు వెలగడానికి అర ఆంపియర్ కూడా అక్కర్లేదు. వెలిగే బల్బు నిరోధం 530 ఓములకు దగ్గర. మీ ఎర్త్ 50 ఓములు, అంటే నాసిరకం ఉన్నా బల్బుకు 210 వోల్టులు అందుతాయి, కంటికి తేడా తెలియదు. అదే ఎర్త్ మీద గీజర్ లోపల ఫేజ్ తెగి బాడీకి తగిలితే పోయేది 230ని 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే, ఎప్పటికీ పడదు. నల్లా పట్టుకున్నవాళ్లకు మాత్రం బాడీ మీద దాదాపు పూర్తి వోల్టేజీ ఉంటుంది.

ఎర్త్ 5 ఓములకు తెచ్చినా 46 ఆంపియర్లే. సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడాలంటే 80 నుంచి 160 కావాలి. 46కు పడుతుంది కానీ వేడెక్కి, కొన్ని సెకన్లు తీసుకుని. ఆర్‌సీసీబీ పడడానికి మాత్రం 50 ఓముల ఎర్త్ అయినా సరిపోతుంది. అందుకే రాతినేలలో అది తప్పనిసరి అంటాను. అట్లని ఎర్త్ మానేయడానికి లేదు. ఎర్త్ లేకపోతే లీకైన కరెంటుకు దారి మనిషి తాకినప్పుడే దొరుకుతుంది, ఆర్‌సీసీబీ పడేదీ అప్పుడే.

అన్నట్టు, మీ ఇంట్లో ఆర్‌సీసీబీ ఉండి దాని తర్వాతి ఫేజ్ తీసుకుని ఉంటే ఆ బల్బు వెలగకముందే అది పడిపోయేది.

సిరిసిల్ల సార్

ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోస్తుంటే 50 ఓములు ఎందుకుంటాయి? మాది నల్లరేగడి, మీ లెక్క మాకు పట్టదు.

మెగ్గర్ అక్క, హన్మకొండ

నల్లరేగడిలో తక్కువే రావచ్చు, టెస్టర్ పెట్టి కొలిస్తే తెలుస్తుంది. హసన్‌పర్తి ఆయనది రాయి. నాలుగు అడుగుల గుంతలో ఎంత ఖరీదైన పొడి నింపినా చుట్టూ ఉన్న రాయి రాయిగానే ఉంటుంది. లోతు దొరకనప్పుడు పొడవు తీసుకోవాలి. ప్రహరీ వెంబడి రెండు అడుగుల లోతు కాలువ తీసి, 25 ఎంఎం వెడల్పు, 4 ఎంఎం మందం జీఐ పట్టీని 15 మీటర్లకు తగ్గకుండా పరిచి, మొరం కాకుండా మెత్తని మట్టితో పూడ్చండి. బాత్రూం, వాషింగ్ ఏరియా వైపు నేల తడిగా ఉంటుంది కాబట్టి అటు పోనివ్వడం మంచిది. బయట బండలు పరచకముందే ఈ పని అయిపోవాలి.

వైరింగ్ అన్న, కాజీపేట

పట్టీ అంత పొడవు ఎందుకు, బోరు కేసింగ్‌కు కలిపితే రెండు ఓములు కూడా చూపిస్తుంది. మా దిక్కు ఎన్నో ఇళ్లకు అదే ఎర్త్.

జగిత్యాల పోరడు

మా బోరుకు ప్లాస్టిక్ కేసింగ్ అన్నా.

మెగ్గర్ అక్క, హన్మకొండ

ఇనుప కేసింగ్ అయితే మంచి రీడింగే వస్తుంది, కాదనను. దాని ఒక్కదాని మీదే ఆధారపడడం నాకు నచ్చదు. మోటారు బయటికి తీసేటప్పుడు ఆ తీగ విప్పుతారు, మళ్లీ బిగించారో లేదో ఎవరూ చూడరు. పట్టీకి తోడుగా అయితే కలుపుకోండి.

వైరింగ్ అన్న, కాజీపేట

విప్పితే బిగించుకోవాలి, దానికి కేసింగ్ తప్పేముంది?

కొత్తిల్లు, హసన్‌పర్తి

మా వైరింగ్ ఆయనను అడిగాను. గీజర్ న్యూట్రల్‌ను బాత్రూం బోర్డులోనే లైటు న్యూట్రల్‌తో కలుపుదామనుకున్నాడట. విడిగా లాగడానికి ఒప్పుకున్నాడు. ఇన్వర్టర్ పైపుకు ఈరోజే గాడి కొట్టారు, వంటింట్లో రెండో బాక్సు రేపు. రెండో ఆర్‌సీసీబీ దగ్గర మాత్రం ఇంకా గునుస్తున్నాడు, పెద్ద డీబీకి చోటు వదిలాం. పైన ఇంకో అంతస్తు కడితే వేరే మీటరు వస్తుంది. మెట్ల లైటుకు కింద ఒకటి, పైన ఒకటి స్విచ్ పెట్టాలి. దానికి ఇప్పుడే ఏం చేయాలి?

వైరింగ్ అన్న, కాజీపేట

కింది స్విచ్ బాక్సు నుంచి పై స్విచ్ దాకా ఒక పైపు, లైటు దగ్గరికి ఒక పైపు. ఫేజ్, న్యూట్రల్ రెండూ కింది మీటరువే తీసుకోవాలి. పైన స్విచ్ ఉంది కదా అని పై ఇంటి న్యూట్రల్ ముట్టుకోవద్దు, లైటు వేసినప్పుడల్లా రెండిళ్లవీ పడతాయి. ఇది మాత్రం అక్క లెక్కే.